చిన్న బడ్జెట్, మసక లెక్కలు: మార్కెటింగ్ డబ్బు ఏ ఛానెల్‌లో ఎంత పెట్టాలి?

స్టార్టప్‌లో మార్కెటింగ్ డబ్బు పంచే రోజున దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. సెర్చ్ యాడ్స్‌కు కొంత, సోషల్ మీడియా యాడ్స్‌కు కొంత, వ్యాసాలు రాయించడానికి కొంత, రెఫరల్ బహుమతులకు కొంత, మిగిలింది ఇంకో దానికి. "అన్నీ తలా కొంచెం చూద్దాం, ఏది పనిచేస్తే దానికి పెంచుదాం" అంటారు. వినడానికి జాగ్రత్తగానే ఉంటుంది. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఇదే చాలా ఖరీదైన పద్ధతి, ఎందుకంటే ఏది పనిచేసిందో చివరికి తెలియదు.

ఎందుకు తెలియదో ఒక ఊహాకంపెనీతో లెక్క వేసి చూద్దాం. చిన్న వ్యాపారాలు బిల్లులు రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందాకు అమ్ముతున్నారు అనుకోండి. ఒక కస్టమర్ నుంచి ఖర్చులు పోను నెలకు మిగిలే మొత్తాన్ని ఈ వ్యాసమంతా "ఒక చందా" అని పిలుస్తాను. మార్కెటింగ్ లెక్కలన్నీ ఈ కొలతలోనే వేసుకోమని నా సలహా. కస్టమర్‌ను తేవడానికి 6 చందాలు ఖర్చయిందంటే, ఆరు నెలలకు ఆ డబ్బు తిరిగి వస్తుందని వెంటనే తెలిసిపోతుంది.

మూడు నెలలకు బడ్జెట్ 300 చందాలు. కస్టమర్లు ఎన్నాళ్లు ఉంటారో ఇంకా తెలియదు కాబట్టి, ఒక కస్టమర్‌కు 6 చందాలు దాటకూడదని గీత గీసుకున్నాం. అంటే అంతా అనుకున్నట్టే జరిగినా మొత్తం బడ్జెట్‌తో వచ్చేది 50 మంది. దాన్ని ఐదు ఛానెళ్లకు సమానంగా పంచితే ఒక్కోదానికి పదిమంది.

పది అనేది చాలా చిన్న సంఖ్య. ఇలాంటి లెక్కల్లో వచ్చిన సంఖ్య దాని వర్గమూలమంత అటూ ఇటూ ఊగడం మామూలు, దానికి రెండింతలు ఊగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఐదు ఛానెళ్లకూ సరిగ్గా ఒకే సత్తా ఉన్నా, ఒకదానిలో 6, మరొకదానిలో 14 కనిపించడం సహజం. మనం 14 వచ్చినదాన్ని పట్టుకుని పండగ చేసుకుంటాం, 6 వచ్చినదాన్ని మూసేస్తాం. రెండింటికీ తేడా ఏమీ లేకపోవచ్చు.

అందుకే ఈ దశలో పరీక్షల నుంచి ఆశించాల్సింది 20 శాతం తేడాలు కాదు. మూడింతల తేడాలు మాత్రమే కనిపిస్తాయి. కాబట్టి పరీక్షకు పెట్టే ఛానెళ్లు రెండు, మహా అయితే మూడు. మిగతావాటిని డబ్బు పెట్టకముందే కాగితం మీద వడపోయాలి.

కాగితం మీద వడపోత

సెర్చ్ యాడ్స్‌తో మొదలుపెడదాం. ఇవి అవసరం ఉందని ముందే గుర్తించి వెతుకుతున్నవాళ్లకు కనిపిస్తాయి. అందుకే మిగతావాటికంటే తొందరగా, చాలాసార్లు చవకగా కస్టమర్లు వస్తారు. అయితే దీనికి ఒక పైకప్పు ఉంది, దాన్ని ఏ బడ్జెట్టూ ఎత్తలేదు. వెతికేవాళ్లు ఎందరుంటే అంతే. మన కంపెనీకి సంబంధించిన మాటలు నెలకు 4,000 సార్లు వెతుకుతున్నారని, అందులో 4 శాతం మంది మన యాడ్ నొక్కుతారని అనుకుందాం. 160 క్లిక్కులు. పదిమందిలో ఒకరు ట్రయల్ తీసుకుంటే 16, వాళ్లలో నలుగురికి ఒకరు డబ్బు కడితే నెలకు 4 కస్టమర్లు. క్లిక్కు 0.1 చందా అయితే ఖర్చు 16 చందాలు, మనిషికి 4. మన గీతకు లోపలే. కానీ నెలకు 16కు మించి ఖర్చు పెట్టాలన్నా దారి లేదు. పెట్టాలని మొండికేస్తే అక్కడి టూల్ మన వ్యాపారానికి దూరపు చుట్టాలైన మాటలకు కూడా యాడ్ చూపించి డబ్బు తీసుకుంటుంది. సెర్చ్ యాడ్స్‌లో చాలా చిన్న కంపెనీలు పోగొట్టుకునేది ఇక్కడే. ఖర్చు పెంచాక క్లిక్కులు పెరిగి ట్రయళ్లు పెరగలేదంటే ఈ పైకప్పు తగిలిందని అర్థం. వారానికోసారి ఏ మాటలు వెతికినవాళ్లు క్లిక్ చేశారో ఆ జాబితా తెరిచి చూడండి, విషయం అర్థమైపోతుంది.

సోషల్ మీడియా యాడ్స్‌కు ఇలాంటి పైకప్పు లేదు, జనం కావలసినంత మంది ఉన్నారు. వాళ్లకు మన అవసరం ఆ క్షణాన గుర్తులేదు, అంతే. అందుకే క్లిక్కు చవక, కస్టమర్ ఖరీదు. క్లిక్కు 0.04 చందా అనుకుంటే 40 చందాలకు 1,000 క్లిక్కులు. 3 శాతం ట్రయల్ తీసుకుంటే 30 మంది, ఆరుగురిలో ఒకరు కడితే 5 కస్టమర్లు, మనిషికి 8 చందాలు. గీత దాటింది, కానీ యాడ్ మార్చి, పేజీ మార్చి బాగుచేసుకునే అవకాశం ఉన్న దూరంలోనే ఉంది.

మూడోది, ఫౌండరే స్వయంగా ఫోన్లు చేసి, మెసేజీలు పంపి అమ్మడం. చేతి నుంచి పోయే డబ్బు తక్కువ కాబట్టి ఇది ఉచితం అనుకుంటారు. కాదు. 50 గంటలు కూర్చుంటే ఐదుగురు వచ్చారనుకోండి, గంటకు అర చందా విలువ కట్టినా 25, ఇతర ఖర్చులు 10, మొత్తం 35. మనిషికి 7 చందాలు. మిగతావాటితో సమానమే. అయినా నేను దీన్ని మొదటి మూడు నెలల్లో వదలను. కస్టమర్ తన ఇబ్బందిని ఏ మాటల్లో చెప్తాడో వినే చోటు ఇదొక్కటే. ఆ మాటలే రేపు యాడ్‌లోకి వెళ్తాయి. ఒక కస్టమర్ నుంచి వచ్చే ఆదాయం పెద్దదైతే ఇదే ప్రధాన ఛానెల్ అవుతుంది. చందా మరీ చిన్నదైతే నేర్చుకున్నంతవరకు చేసి ఆపేయాలి.

వ్యాసాలు రాసి సెర్చ్‌లో సహజంగా పైకి రావడం నెలల పని. మూడు నెలల బడ్జెట్‌తో మొదలుపెట్టి, మూడో నెలాఖరున "ఫలితం లేదు" అని తీర్పు చెప్పడం విత్తనం వేసిన వారానికే తవ్వి చూడటం లాంటిది. కంపెనీ చేతిలో ఏడాదికి సరిపడా డబ్బు ఉంటే వేరే పద్దు కింద పెట్టండి. ఆరు నెలలకే ఉంటే వద్దు. ఇక రెఫరల్ అంటే ఉన్న కస్టమర్లు కొత్తవాళ్లను తేవడం. పది మంది కస్టమర్లతో రెఫరల్ పథకం పెట్టడంలో అర్థం లేదు, వందల్లోకి వచ్చాక చూసుకోవచ్చు.

కాగితం మీద మిగిలినవి మూడు. మొదటి నెల సెర్చ్‌కు 16, సోషల్‌కు 40, ఫోన్లకు 10. మొత్తం 66 చందాలు. మిగిలిన 234 బ్యాంకులోనే ఉంటాయి. చాలామందికి ఇది నచ్చదు, నెలకు వంద చొప్పున ఖర్చు పెట్టేయాలనిపిస్తుంది. మొదటి నెల మనం కొనేది కస్టమర్ల కంటే సమాచారాన్నే, దానికి 66 చాలు.

ఎప్పుడు ఆపాలో ముందే రాసుకోవడం

డబ్బు పోతున్నప్పుడు తీసుకునే నిర్ణయాల్లో టెన్షన్ ఎక్కువ, బుద్ధి తక్కువ. అందుకే ఆపే నియమం మొదలుపెట్టే రోజే రాసుకోవాలి. నేను వాడేది చాలా సాదా నియమం: గీతకు మూడింతలు ఖర్చుపెట్టినా ఒక్క కస్టమరూ రాకపోతే ఆపేయి. మన గీత 6 కాబట్టి 18 చందాలు. దీని వెనుక లెక్క ఉంది. ఆ ఛానెల్ నిజంగా 6 చందాలకు ఒకరిని తెచ్చే రకమైతే, 18 చందాలకు ముగ్గురు రావాలి. ముగ్గురు రావాల్సిన చోట సున్నా రావడానికి అవకాశం 5 శాతమే. దురదృష్టం అనుకోవడానికి ఆ మాత్రం చాలదు.

ఒక షరతు ఉంది. ట్రయల్ 14 రోజులదైతే ఈరోజు ఖర్చుపెట్టిన డబ్బు ఫలితం ఈరోజు కనిపించదు. 18 చందాలు అయిపోయాక కొత్త ఖర్చు ఆపి రెండు వారాలు వేచి, అప్పుడు లెక్కపెట్టాలి. ఈ వేచి ఉండటం లేకపోతే మంచి ఛానెళ్లు కూడా చచ్చిపోతాయి.

వేచి ఉండలేనివాళ్లు మధ్యలో ఒక మెట్టును చూస్తారు. అది ఏ మెట్టు అనేదే అసలు ప్రశ్న. క్లిక్కులు తొందరగా వస్తాయి, కానీ డబ్బుకు చాలా దూరం. ఏ ఛానెల్‌లో క్లిక్కు చవకో చూసి పంచితే పనీపాటా లేకుండా నొక్కేవాళ్లే దొరుకుతారు. మన కంపెనీలో అయితే "ట్రయల్‌లో మొదటి బిల్లు రాశాడా" అన్నది మంచి మెట్టు. డబ్బు కట్టేవాళ్లలో అందరూ ఈ పని చేసే ఉంటారు, రెండు మూడు రోజుల్లోనే తెలుస్తుంది, కట్టినవాళ్లకంటే కొన్ని రెట్లు ఎక్కువగా లెక్కకు అందుతారు.

సోషల్ యాడ్స్‌లో ఇంకో చిక్కు. మెటా యాడ్స్ వ్యవస్థ ఒక్కో యాడ్ సెట్‌కు, అంటే ఒకే రకం జనానికి చూపించే యాడ్ల గుంపుకు, వారానికి సుమారు 50 ఫలితాలు వస్తేనే ఎవరికి చూపించాలో నేర్చుకునే దశ దాటుతుంది. మన బడ్జెట్‌తో నెలంతా కలిపినా 30 ట్రయళ్లే. కాబట్టి నాలుగు యాడ్ సెట్లు, మూడు రకాల జనం, ఐదు రకాల బొమ్మలు అంటూ ముక్కలు చేస్తే ఏదీ నేర్చుకోదు. ఒక్క యాడ్ సెట్ పెట్టి, అందులో రెండు యాడ్లు చాలు. ఒకటి మరోదానికి కొద్దిగా మార్చిన రూపం కాకుండా, రెండూ పూర్తిగా వేర్వేరు మాట చెప్పాలి. చిన్న తేడాలు ఈ సంఖ్యల్లో కనిపించవని పైన చూశాం కదా.

డ్యాష్‌బోర్డులన్నీ కలిపితే

మొదటి నెల అయిపోయింది. నిజంగా డబ్బు కట్టినవాళ్లు 14 మంది. సెర్చ్ యాడ్స్ డ్యాష్‌బోర్డు "7 నావి" అంటోంది. సోషల్ డ్యాష్‌బోర్డు "6 నావి" అంటోంది. ఫోన్ల ద్వారా వచ్చినవాళ్లు 5. కూడితే 18. అంటే నలుగురిని ఇద్దరేసి లెక్కపెట్టుకున్నారు. ఇది మోసం కాదు, ఎవరి పద్దు వాళ్లు రాసుకుంటున్నారు. సోషల్ యాడ్ కేవలం కనిపించి, నొక్కకుండా పోయినవాడు తర్వాత కొన్నా ఆ వేదిక తన ఖాతాలో వేసుకోవచ్చు. మరోవైపు, 2021లో ఐఫోన్లలో యాప్‌లు ట్రాకింగ్‌కు అనుమతి అడగడం తప్పనిసరి అయ్యాక, నిజంగా యాడ్ వల్ల వచ్చినవాళ్లు కొందరు లెక్కలోంచి జారిపోతున్నారు. రెండు వైపులా తప్పే.

మన దగ్గర రెండు సాధనాలు ఉండాలి. ఒకటి, యాడ్‌లోని ప్రతి లింకుకూ తగిలించే గుర్తు. ఇలా ఉంటుంది:

```
?utm_source=social&utm_medium=paid&utm_campaign=bill_01
```

రెండోది, సైన్ అప్ ఫారంలో ఒక ఖాళీ పెట్టె: "మా గురించి మొదట ఎక్కడ తెలిసింది?" ఎంచుకునే జాబితా పెట్టకండి. జాబితా పెడితే చాలామంది కంటికి ముందు కనిపించింది నొక్కేసి పోతారు. ఖాళీ పెట్టెలో రాసేవాళ్లు తక్కువే, కానీ రాసింది పనికొస్తుంది.

ఇప్పుడు సెర్చ్ చెప్పుకున్న 7 మందిని విప్పి చూద్దాం. వాళ్లలో ముగ్గురు మన కంపెనీ పేరే టైప్ చేసి వచ్చారు. పేరు తెలిసి వెతికినవాడిని సెర్చ్ యాడ్ తెచ్చిందనడం, ఇంటి గుమ్మం దాకా వచ్చిన చుట్టాన్ని తలుపు తీసినవాడు పిలిపించాడనడమే. ఇందులో పెద్ద పాఠం ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే నుంచి ఉంది. 2012లో ఆ సంస్థ కొన్ని సెర్చ్ ఇంజిన్లలో తన పేరు మీద యాడ్స్ ఆపి చూసింది. అలా పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం ఉచితంగా కనిపించే ఫలితాల ద్వారా తిరిగి వచ్చేశాయి. అంత పేరున్న సంస్థకు జరిగింది అందరికీ అచ్చంగా అలాగే జరగాలని లేదు. ముఖ్యంగా మీ పేరు వెతికితే పైన పోటీదారు యాడ్ కనిపిస్తుంటే లెక్క మారుతుంది. కానీ సొంత పేరు మీద వచ్చిన కస్టమర్లను వేరే వరుసలో రాయడం మాత్రం ఎవరికైనా తప్పనిసరి.

ఆ ముగ్గురిలో ఇద్దరు ఖాళీ పెట్టెలో సోషల్ మీడియాలో వీడియో చూశామని రాశారు. మూడోవాడికి స్నేహితుడు చెప్పాడట. సోషల్ లింకు గుర్తుతో నేరుగా వచ్చినవాళ్లు ఇద్దరే. ఆ లెక్కన మనిషికి 20 చందాలు, మూసేయాల్సిందే. పెట్టెలో రాసిన ఇద్దరినీ కలిపితే నలుగురు, మనిషికి 10. ఇంకా గీతకు బయటే, కానీ ఒక నెల బాగుచేసి చూడదగ్గ దూరం. సోషల్ వేదిక చెప్పిన 6, మన లింకు చెప్పిన 2, పెట్టెతో కలిపిన 4. ఈ మూడింటిలో నేను 4 పట్టుకుంటాను, అది పూర్తి నిజం కాదని తెలిసే.

యాడ్స్ కొన్ని వారాలు ఆపి, కొన్ని ప్రాంతాల్లోనే నడిపి తేడా కొలవడం పెద్ద సంస్థలు చేసే పని. నెలకు 14 మంది కస్టమర్లతో అది కుదరదు. యాడ్ నడిచిన రెండు వారాల్లో 8, ఆపిన రెండు వారాల్లో 5 వచ్చాయనుకోండి, ఆ తేడా యాడ్ వల్లో ఊగిసలాట వల్లో చెప్పలేం. దానికి రెండు వారాల యాడ్ పోగొట్టుకోవద్దు.

రెండో నెల, అసలు చిక్కు

రెండో నెల అవే మొత్తాలు. సెర్చ్ మళ్లీ పైకప్పు దగ్గరే, నలుగురు. సోషల్‌లో మాత్రం ఫోన్లలో విన్న ఒక మాటను పట్టుకుని యాడ్ మార్చాం. "సులభమైన బిల్లింగ్" తీసేసి "నెలాఖరున బాకీలు ఎవరివో వెతుక్కోవద్దు" అని పెట్టాం. ఈసారి 40 చందాలకు ఏడుగురు వచ్చారు, పెట్టెలో రాసినవాళ్లతో కలిపి. రెండు నెలలకు 80 చందాలు, 11 మంది, సగటున 7.3.

సోషల్ గీతకు లోపల ఉందా, బయట ఉందా? నిజాయితీగా చెప్పాలంటే లెక్క చెప్పడం లేదు. 11 అనే సంఖ్య వెనుక నిజమైన బలం సుమారు 5.5 నుంచి దాదాపు 20 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే మనిషికి 4 చందాలు కావచ్చు, 14 కూడా కావచ్చు. రెండో నెల మెరుగుదల మారిన యాడ్ వల్ల వచ్చిందా, అదృష్టం వల్లా అన్నదీ తేలలేదు. రెండు నెలలు, 80 చందాలు పోయాక కూడా ఇంతే తెలుస్తుంది. ఈ దశలో ఎవరైనా ఒక పట్టిక చూపించి "సోషల్ మనకు 7.3కి పడుతోంది" అని గట్టిగా చెబితే, దశాంశం తర్వాతి అంకెను నమ్మొద్దు.

ఇక్కడ నిర్ణయం మార్చేది ఇంకో సమాచారం: వచ్చినవాళ్లు ఉన్నారా? సోషల్ నుంచి వచ్చిన 11 మందిలో 9 మంది ఇప్పటికీ ప్రతి వారం బిల్లులు రాస్తున్నారు. ఫోన్ల ద్వారా రెండు నెలల్లో వచ్చిన 10 మందిలో ఐదుగురు అప్పుడే మానేశారు, మొహమాటానికి ఒప్పుకుని ఉంటారు. అప్పుడు ఫోన్ల ఖర్చు 7 కాదు, నిలిచిన మనిషికి 14. ఇక్కడా సంఖ్యలు చిన్నవే, కానీ 11లో 9కీ 10లో 5కీ మధ్య తేడా, మొహమాటం అన్న కారణంతో కూడా పొసుగుతోంది. కారణం అర్థమైన తేడాకు నేను ఎక్కువ బరువు ఇస్తాను.

కాబట్టి మూడో నెల పంపకం ఇలా: సెర్చ్‌కు 16, అందులో సొంత పేరు యాడ్ ఆపేసి. ఫోన్లు సగానికి తగ్గించి 5, కొత్తవాళ్లకు అమ్మడానికి కాదు, మానేసిన ఐదుగురితో మాట్లాడటానికి. సోషల్‌కు 40 నుంచి 60. ఒక్కసారిగా 120కి ఎక్కించకపోవడానికి కారణం ఉంది. మనకు తెలిసిన 7.3 సగటు మాత్రమే. మొదటి 40 చందాలు తొందరగా స్పందించేవాళ్లను పట్టుకుంటాయి, తర్వాతి చందాలు కష్టమైనవాళ్ల దగ్గరకు వెళ్తాయి. మనకు కావలసింది అదనంగా పెట్టిన 20కి ఎందరు అదనంగా వచ్చారన్నది. పోయిన నెలలాగే 40కి 7 వస్తే, 60కి 10 దరిదాపుల్లో ఉండాలి. 7 దగ్గరే ఆగితే తర్వాతి నెల మళ్లీ 40కి దిగడమే. మరోటి రాసి పెట్టుకోవాలి: 60కి ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ వస్తే, రెండో నెల ఏడుగురు అదృష్టమే అనుకుని సోషల్‌ను పూర్తిగా ఆపడం. నిజంగా 6 చందాలకు ఒకరు వచ్చే ఛానెల్ అయితే పదిమంది రావాల్సిన చోట ముగ్గురు రావడం వందలో ఒకసారి జరిగే విషయం.

ఇవన్నీ పోగా మూడో నెలాఖరుకు ఖర్చు 213, చేతిలో 87 చందాలు మిగులుతాయి. దాన్ని ఈ త్రైమాసికంలోనే ఖర్చు చేయాలన్న ఒత్తిడి లోపల ఎవరి నుంచైనా వస్తుంది. సెర్చ్ పైకప్పు తాకింది, సోషల్ ఇంకా తేలలేదు, ఫోన్లు తగ్గించాం. పెట్టడానికి చోటు లేని డబ్బును వచ్చే మూడు నెలల పద్దులోకి మార్చి, మానేసిన ఐదుగురు ఏం చెప్పారో విన్నాకే తెరవండి.